సెలవు పొడిగింపు: పాత తేదీ దాటకముందే

చెల్లెలి పెళ్లికని జూనియర్ అసిస్టెంట్ ఒకాయన జూన్ 8 సోమవారం నుంచి 17 బుధవారం వరకు ఆర్జిత సెలవు పెట్టాడనుకుందాం. మంజూరు కూడా అయింది. పెళ్లి బాగానే జరిగింది గానీ, 15న తండ్రి జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. 18న ఆఫీసుకు వెళ్లడం కుదరదు.

ఇలాంటప్పుడు చాలామంది తోటి ఉద్యోగికి ఫోన్ చేసి "సారుకి చెప్పు" అని ఊరుకుంటారు. చెప్పడం మంచిదే, కానీ ఫైల్లో ఆ మాట ఉండదు. సెలవును హక్కుగా అడగడానికి లేదని ఫండమెంటల్ రూల్ 67 అంటుంది. మంజూరైన సెలవు ముగిశాక రాకుండా ఉండిపోతే ఆ రోజులకు సెలవు జీతం ఉండదని, కావాలని ఉండిపోతే అది దుష్ప్రవర్తన కిందికి రావచ్చని రూల్ 73 చెబుతుంది. అందుకే కాగితం 17 దాటకముందే చేరాలి.

ఆ కాగితంలో కష్టాల కథ అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, చెల్లెలి వివాహం నిమిత్తం జూన్ 8 నుంచి 17 వరకు నాకు ఆర్జిత సెలవు మంజూరు చేశారు. 15న మా నాన్నగారు పడిపోవడంతో తుంటి ఎముక విరిగింది. 18న ఆపరేషన్ జరగనుంది. ఆస్పత్రిలో దగ్గరుండి చూసుకోవడానికి ఇంట్లో మరొకరు లేరు. కనుక 18 నుంచి 27 వరకు 10 రోజుల ఆర్జిత సెలవు పొడిగించి, 28 ఆదివారాన్ని వెనుక కలుపుకోవడానికి అనుమతించవలసిందిగా ప్రార్థన. 29 సోమవారం ఉదయం విధుల్లో చేరతాను. వైద్యుడి ధ్రువపత్రం జతచేశాను."

కింద ఫోన్ నంబరు, ప్రస్తుతం ఉన్న చిరునామా తప్పనిసరి. మొదటి మంజూరు ఉత్తర్వు నంబరు కూడా వేస్తే గుమాస్తాకు వెతుకులాట తప్పుతుంది.

ఇందులో తేదీల లెక్కే అసలు పని. మధ్యలో వచ్చిన 21 ఆదివారం సెలవులోనే కలిసిపోతుంది, అందుకే 10 రోజులు. చివరి ఆదివారం మాత్రం అనుమతితో బయట ఉంటుంది. "వారం పది రోజులు" అని రాస్తే అధికారి ఏ తేదీకి సంతకం పెట్టాలి? కారణం మారినప్పుడు పాత కారణాన్నే సాగదీయడమూ చేటే. పెళ్లి పనులింకా మిగిలాయని రాసి, తర్వాత ఆస్పత్రి కాగితం చూపిస్తే రెండూ పొసగవు.

మొదట పెట్టింది క్యాజువల్ లీవు అయితే చిక్కు ఎక్కువ. దాన్ని ఆర్జిత సెలవుతో కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి మొదటి రోజు నుంచీ మొత్తాన్నీ ఆర్జిత సెలవుగా మార్చమని అదే దరఖాస్తులో అడగాలి. ఉద్యోగికే జబ్బు చేసి వైద్య కారణంపై సెలవు పొడిగిస్తే, తిరిగి చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

దరఖాస్తు పంపినంత మాత్రాన పొడిగింపు వచ్చినట్టు కాదు. 17 సాయంత్రానికి జవాబు రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.