స్నేహితుడికే కష్టమైన క్లూ

ముక్కూ మొహం తెలియనివాడికి బహుమతి వస్తే మనకేమీ అనిపించదు. పక్కన కూర్చుని చదువుకున్నవాడికి వస్తే మాత్రం ఎక్కడో చురుక్కుమంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త అబ్రహాం టెస్సర్ తన సహచరుడితో కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగం దీన్నే పట్టుకుంది.

పదాలు ఊహించే ఆటలో అవతలివాళ్లకు క్లూ ఇవ్వాలి. తేలికది ఇవ్వాలా, కష్టమైనది ఇవ్వాలా అన్నది ఇచ్చేవాళ్ల ఇష్టం. ఇది ఉత్త ఆటే అన్నప్పుడు స్నేహితుడికి తేలికవి అందాయి. ముఖ్యమైన తెలివితేటలకు పరీక్ష అని చెప్పగానే లెక్క తిరగబడింది. కొత్తవాళ్లకంటే స్నేహితుడికే కష్టమైనవి వెళ్లాయి.

అంటే అసూయకు దగ్గరితనం ఒక్కటే చాలదు. ఆ విషయం మన గురించి మనం అనుకునేదానిలో భాగమై ఉండాలి. కథలు రాసే ఇద్దరు మిత్రుల్లో ఒకరు ఇల్లు కొంటే, రెండోవారు గృహప్రవేశానికి మనసారా వెళ్తారు. అదే మిత్రుడి కథకు పురస్కారం వస్తే అభినందన ఫోను సాయంత్రం దాకా కదలదు. మన విలువల గురించి మనం చెప్పుకునే మాటలకంటే ఈ ఆలస్యాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

అయితే చిక్కొకటుంది. కుట్టింది ఆ కథా, దానికొచ్చిన చప్పట్లా? అదే కథ ఎవరూ పట్టించుకోకుండా అచ్చయి ఉంటే ఇంతే బాధ కలిగేదా అని అడిగి చూడాలి. కలిగేదైతే కావలసింది రాయడం. లేకపోతే పేరు. చాలామంది ఈ జవాబు దగ్గరే మాట మార్చేస్తారు.