ఇరవై అయిదు జతల చేతులు, ఒకే కొలత

మా నరసాపురం లేసుతో అల్లిన వంద టేబుల్ రన్నర్లు నెదర్లాండ్స్‌లోని ఒక గృహాలంకరణ దుకాణానికి చేరాయి. రావలసిన డబ్బు పూర్తిగా మా సంస్థ ఖాతాలో పడింది. ఇది మా మొదటి ఎగుమతి ఆర్డరు. ఈ మాట గర్వంగా చెబుతున్నాను. అల్లింది ఇరవై అయిదు మంది ఆడవాళ్లు కాబట్టి ఆ గర్వంలో పెద్ద వాటా వాళ్లదే. వాళ్లు ఏం చేశారో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతపు లేసుకు విదేశీ ప్రయాణం కొత్త కాదు. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు క్రోషే అల్లిక నేర్పారు. అప్పటినుంచి గోదావరి డెల్టా గ్రామాల్లో అరుగుల మీద అల్లిన లేసు ఐరోపా ఇళ్లకు వెళ్తూనే ఉంది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే సరుకు వ్యాపారుల చేతుల మీదుగా పోయేది. అల్లినవాళ్లకు అది ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో తెలిసేది కాదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా పని చేసే ఈ ఆడవాళ్లను ఖాళీ వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వాదించారు. అందుకే ఆర్డరు మాట రాగానే మేం మొదట పని గంటలు లెక్క వేశాం.

రన్నరు 30 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. పది సెంటీమీటర్ల చదరపు పువ్వులు విడివిడిగా అల్లి, అడ్డంగా మూడు, నిలువుగా పన్నెండు చొప్పున అతకాలి. అంటే ఒక రన్నరుకు 36 పువ్వులు. సన్న నూలుతో, ఒక మిల్లీమీటరు సూదితో చెయ్యి తిరిగిన మనిషికి ఒక్కో పువ్వుకు దాదాపు 40 నిమిషాలు పడుతుంది. పువ్వులకే 24 గంటలు. అతుకు పనికి, చుట్టూ అంచుకు మరో ఆరు గంటలు. మొత్తం 30 గంటలు. వంద రన్నర్లకు మూడు వేల గంటలు. ఇంటి పని, పొలం పని మధ్య ఒక్కొక్కరు రోజుకు నాలుగు గంటలు అల్లితే, ఇరవై అయిదు మందికి ముప్ఫై పని దినాలు కావాలి.

కొనుగోలుదారు 45 రోజుల్లో సరుకు అడిగారు. మేం 75 రోజులు కావాలన్నాం. ఉతుకు, ఆరబెట్టడం, తప్పు పోయినవి మళ్లీ అల్లడం, మధ్యలో నాట్లు, పండగలు, ఇవన్నీ ఉన్నాయని గంటల లెక్కతో సహా రాసి పంపాం. వాళ్లు ఒప్పుకున్నారు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆర్డరు చేజారుతుందన్న భయంతో గడువుకు తల ఊపేస్తారు. చివరి రెండు వారాల్లో రాత్రిళ్లు దీపం కింద తొందరగా అల్లిస్తారు. ఆ తొందర లేసులో కనబడిపోతుంది.

ధర కూడా గంటల నుంచే కట్టాం. గంటకు 45 రూపాయల చొప్పున 30 గంటలకు 1,350. నూలుకు 250. ఉతుకు, ఇస్త్రీ, తనిఖీ, ప్యాకింగుకు 200. రవాణా, కాగితాల ఖర్చుకు 200. సంస్థకు మిగులు 300. అన్నీ కలిపి రన్నరుకు 2,300 రూపాయలు. కొనుగోలుదారు తగ్గించమన్నప్పుడు కూలిని ముట్టుకోలేదు. అంచులో ఒక వరస తగ్గించిన నమూనా కూడా చూపించి, ఏది కావాలో ఎంచుకోమన్నాం. వాళ్లు నిండు అంచునే ఎంచుకున్నారు.

ఇక అసలు కష్టం. ఒకే బొమ్మ, ఒకే నూలు, ఒకే సూది ఇచ్చినా ఇరవై అయిదు మంది చేతుల్లో ఇరవై అయిదు కొలతలు వస్తాయి. దారాన్ని వేలికి చుట్టుకుని లాగే బిగువు ఎవరిది వారిదే. బిగుతు చేతిలో పువ్వు 9.6 సెంటీమీటర్లకు వస్తే, వదులు చేతిలో 10.4కు పోతుంది. ఒక్క పువ్వు చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. పన్నెండు పువ్వులు వరసగా అతికితే ఒక రన్నరు 115 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, ఇంకొకటి 125 దాకా పోతుంది. రెండు రకాలూ ఒకే రన్నరులో కలిస్తే మరీ ప్రమాదం. అంచు అలలు తిరిగి, బల్ల మీద పరిస్తే మధ్యలో ఉబ్బుతుంది.

దీనికి ఉపాయం మాలో అందరికన్నా పెద్దావిడ చెప్పారు. అతుకు పనిలో ఆవిడది ఆరితేరిన చెయ్యి. మేమంతా పిన్నిగారు అంటాం. బిగుతుగా అల్లే అమ్మాయిని నేను వదులుగా అల్లమని చెబుతుంటే విని, “దాని చెయ్యి మార్చలేవమ్మా, సూది మార్చు” అన్నారు. ఆ మాటే మా పని పద్ధతి అయింది. ముందుగా ప్రతి ఒక్కరితో మూడేసి పువ్వులు అల్లించి, ఉతికి, ఆరాక కొలిచాం. బిగుతు చేతులకు కాస్త లావు సూది, వదులు చేతులకు కాస్త సన్న సూది ఇచ్చాం. చాలామంది కొలతకు వచ్చేశారు. ఒక రన్నరుకు కావలసిన 36 పువ్వులూ ఒకరే అల్లాలని నియమం పెట్టుకున్నాం. అప్పుడు మిగిలిన చిన్న తేడా ఆ రన్నరంతా ఒకేలా ఉంటుంది, ఉబ్బు రాదు. దళసరి అట్టలో పది సెంటీమీటర్ల కిటికీ కోసి, దాని లోపల, బయట రెండేసి మిల్లీమీటర్ల దూరంలో గీతలు గీసి ఇంటికొకటి ఇచ్చాం. పువ్వు ఆ రెండు గీతల మధ్య ఉంటే తీసుకుంటాం, లేకపోతే అల్లినవాళ్లే విప్పి మళ్లీ అల్లుతారు. అట్ట వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి తప్పు అక్కడికక్కడే తెలిసిపోయేది. అతికాక బయటపడితే ముప్ఫై గంటల పని పోయేది.

కొలత ఎప్పుడూ ఉతికిన తరువాతే చూడాలి. నూలు మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది. ఉతకకుండా సరిచూసిన రన్నరు కొన్నవాళ్ల ఇంట్లో కురచవుతుంది. మా దగ్గర ఉతుకు పని చూసే ఇద్దరు అక్కలు గోరువెచ్చని నీళ్లలో సబ్బు కలిపి, పిండకుండా తువ్వాల్లో అద్ది, మెత్తటి పలక మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో కొలతకు గుచ్చి ఆరబెడతారు. లేసుకు నిండుదనం వచ్చేది ఆ పలక మీదే. నూలు కూడా మొత్తం ఒకే లాటులో కొన్నాం. తెలుపులోనూ లాటుకు లాటుకు ఛాయ మారుతుంది. దీపం వెలుగులో కలిసిపోయిన రెండు తెలుపులు పగటి వెలుగులో వేరుగా కనిపిస్తాయి. రంగు నూలు వాడితే ఐరోపా నిబంధనలు కట్టడి చేసిన కొన్ని అజో రంగులు అందులో లేవని సరిచూసుకోవాలి. మొదటి ఆర్డరు కాబట్టి రంగు వెయ్యని తెల్ల నూలుకే కట్టుబడ్డాం.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. పైకి ఆరినట్టున్నా కుట్ల మధ్య చెమ్మ మిగిలితే, మూసిన పెట్టెలో లేసు పసుపు తిరుగుతుంది, బూజు వాసన కొడుతుంది. రెండు రోజులు నీడన ఆరితేగాని మడత పెట్టలేదు. పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు వేశాం. పసుపు, తల నూనె, పొయ్యి పొగ అంటకుండా ప్రతి ఇంటికీ ఒక గుడ్డ సంచి ఇచ్చాం. అల్లేటప్పుడు తప్ప లేసు ఆ సంచిలోంచి బయటికి రాలేదు. సూది కొన విరిగితే విరిగిన ముక్క తెచ్చి చూపిస్తేనే కొత్త సూది ఇచ్చాం. ఆ ముక్క లేసులో చిక్కుకుని ఎవరి వేలికో గుచ్చుకుంటే, అది మాకు ఆఖరి ఆర్డరు కూడా అయ్యేది.

కాగితాల పని మా దగ్గర బీకాం చదివిన అమ్మాయి ఒంటి చేత్తో నడిపింది. ఎగుమతి చెయ్యాలంటే ముందు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి ఐఈసీ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే వస్తుంది. రుసుము 500 రూపాయలు, సంస్థ పాన్ నంబరే దాని నంబరు. తరువాత బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను సరుకు బయల్దేరే చోటి కస్టమ్స్‌లో నమోదు చెయ్యాలి. జీఎస్టీ ముందుగా కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చెయ్యాలి. ఇవి కష్టమైనవి కావు. చిక్కు పేర్లలో వస్తుంది. పాన్‌లో సంస్థ పేరు ఒకలా, బ్యాంకు ఖాతాలో పొట్టి చేసి ఇంకోలా ఉంటే పని ఆగుతుంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితా, షిప్పింగ్ బిల్లు, ఈ మూడింటిలో సరుకు వివరం, సంఖ్య, బరువు ఒక్కలాగే ఉండాలి. క్రోషే టేబుల్ వస్త్రాలకు వర్తించే 630240 అనే కోడ్ కూడా మూడింటిలో అదే ఉండాలి. ఆ అమ్మాయి పెట్టెలు తూచాకే బరువు రాసింది, అంచనాగా ఎక్కడా రాయలేదు. శంషాబాద్‌లో కస్టమ్స్ బ్రోకర్ ఒక్క సవరణ కూడా అడగలేదు. ఇంకా చిన్న ఎత్తున మొదలుపెట్టేవాళ్లు తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా పార్సిళ్లుగా కూడా పంపవచ్చు.

డబ్బు విషయంలో 30 శాతం ముందుగా, మిగతా 70 శాతం విమానం ఎక్కిన రసీదు నకలు చూపగానే చెల్లించేలా ఒప్పందం చేసుకున్నాం. ముందు వచ్చిన 69,000 రూపాయల్లో 25,000 నూలుకు పోయాయి. మిగిలింది మొదటి వారాల కూలికి సరిపోయింది, ఆ పైన మా పొదుపులోంచి సర్దాం. ప్రతి శనివారం కూలి చేతికి ఇచ్చాం. విదేశం నుంచి డబ్బు వచ్చాక ఇస్తాం అనే మాట మా దగ్గర లేదు. అల్లినవాళ్లు సరుకు అమ్ముడయ్యేదాకా ఆగాల్సి వస్తే, వ్యాపారానికి అప్పు ఇస్తున్నది వాళ్లే అవుతారు.

ప్రతి రన్నరుకు ఒక చిన్న చీటీ కట్టాం. దాని మీద అల్లిన మనిషి పేరు, పట్టిన గంటలు ఉంటాయి. అందరినీ అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే పేర్లు వేశాం. తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటుందో చూపించమని పిన్నిగారు అడిగారు. చూసి, “గంటలు కూడా వేశారా? అయితే సరే” అన్నారు.

లేసు అల్లే చెల్లెళ్లకు, అక్కలకు ఒక మాట. ఎగుమతి గురించి ఆలోచిస్తుంటే ముందు ఒక గడియారం, ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఒక్క వస్తువు మొదటి కుట్టు నుంచి ఇస్త్రీ దాకా ఎన్ని గంటలు పట్టిందో రాయండి. గడువు, ధర, కూలి అన్నీ ఆ అంకె నుంచే వస్తాయి. ఆ అంకె తెలియకుండా ఎవరు ఎంత పెద్ద ఆర్డరు ఇస్తామన్నా ఒప్పుకోకండి.