అర్ధరాత్రి మోగే మోటారు

ఇంట్లో ఒక్క కొళాయి కూడా తిప్పి ఉండదు. అయినా పావుగంటకోసారి జెట్ మోటారు దానంతటదే ఆనై, కాసేపు తిరిగి, టక్కున ఆగుతుంది. పొద్దున్నే ఇంకో గొడవ. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. అమలాపురం దగ్గర మా బంధువుల ఇంట్లో ఈ రెండూ ఉండేవి. ముందు ప్రెషర్ స్విచ్ మార్పించారు. తర్వాత మోటారే పాతబడిందన్నారు. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే. అది బోరు పైపు అడుగున ఉంది.

జెట్ పంపు తను తోడిన నీటిలో కొంత వెనక్కి తిప్పి, సన్నటి నాజిల్ గుండా చిమ్ముతుంది. ఆ వేగానికి అక్కడ ఒత్తిడి పడిపోయి, బోరులో నీళ్లు పైకి వస్తాయి. అంటే నీళ్లు తోడాలంటే ముందు పంపు కడుపులో నీళ్లుండాలి. వాటిని కిందికి జారనీయకుండా పట్టుకునేది పైపు చివరి ఫుట్‌వాల్వ్. దాని రబ్బరు అరిగినా, చిన్న ఇసుక రాయి ఇరుక్కున్నా నీళ్లు మెల్లగా బోరులోకి దిగిపోతాయి.

ఆ ఇంట్లో చేసిన పరీక్ష చాలా తేలిక. ప్రెషర్ ట్యాంకు దాటాక ఇంట్లోకి వెళ్లే లైనుకు గేట్‌వాల్వ్ ఉంది. మోటారు ఆగగానే దాన్ని కట్టేసి మీటరు చూశాం. ముల్లు కదలకుండా నిలబడితే తప్పు ఇంట్లో ఉన్నట్టు. చాలాసార్లు అది ఫ్లష్ ట్యాంకులో సన్నగా కారే నీరే. ఇక్కడ ముల్లు 50 నుంచి దిగుతూనే పోయింది. పంపు చుట్టూ తడి లేదు. అంటే నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోతున్నాయి. 30కి రాగానే స్విచ్ మోటారును లేపుతోంది. రాత్రి మోత అదే. కరెంటు పోయిన రాత్రి లేపేవారుండరు కాబట్టి ట్యాంకూ, పైపూ, పంపూ ఖాళీ అయ్యేవి. కరెంటు వచ్చాక పంపు ఉత్త గాలినే తిప్పేది. అలా తిరిగితే వేడికి సీలు కూడా పోతుంది.

ఫుట్‌వాల్వ్ మార్చాక రాత్రి మోత ఆగింది. పగలు మాత్రం బకెట్ పడుతుంటే మోటారు ఆనూ ఆఫూ అవుతూనే ఉంది. కొళాయి తిప్పినప్పుడే ఇలా అయితే ట్యాంకులో గాలి చూడాలి.

ఆ ట్యాంకు లోపల రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీళ్లు, చుట్టూ గాలి. నీళ్లను నొక్కి కొళాయికి పంపేది ఆ గాలే. మోటారు 30 పీఎస్‌ఐ దగ్గర ఆనై 50 దగ్గర ఆగేదైతే, ఖాళీ ట్యాంకులో గాలి 28 ఉండాలి, అంటే ఆనయ్యే అంకె కన్నా రెండు తక్కువ. 24 లీటర్ల ట్యాంకు అప్పుడు మోటారు లేవకుండా సుమారు 7 లీటర్లు ఇస్తుంది. మేం కొలిస్తే 10 ఉంది. ఆ లెక్కన వచ్చేది 4 లీటర్లే. గాలి ఎక్కువ పెట్టినా చిక్కే. 40 పెడితే, ఒత్తిడి ఇంకా 40 దగ్గర ఉండగానే ట్యాంకు ఖాళీ అయి, మోటారు లేచేలోపు కొళాయి ధార తెగుతుంది.

కొలిచే పద్ధతిలోనే చాలామంది పొరబడతారు. నీళ్లు ఉండగా గేజి పెడితే అది నీటి ఒత్తిడే చూపిస్తుంది. ముందు మెయిన్ ఆపాలి. ఒక కొళాయి విప్పి మీటరు సున్నాకు వచ్చేదాకా వదలాలి. ఆ కొళాయిని అలాగే ఉంచి, ట్యాంకు మీది టోపీ తీసి బైకు టైరు గేజితో చూడాలి. గాలి కూడా బైకు పంపుతో కొట్టొచ్చు, మామూలు సైకిలు పంపు నోరు దీనికి పట్టదు. వాల్వ్ పిన్ను నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్లు చిమ్మితే సంచి చిరిగినట్టే. అప్పుడు ఎంత గాలి కొట్టినా లాభం లేదు, సంచి మార్చాలి.

ఫుట్‌వాల్వ్ బాగున్నా నీళ్లు ఎత్తకపోతే పంపుకు ముందున్న జాయింట్లను అనుమానించాలి. అక్కడ పైపు నీళ్లు కార్చదు, గాలి పీలుస్తుంది. అందుకే తడి చూసి పట్టుకోలేం. మోటారు నడుస్తుండగా జాయింటు మీద షేవింగ్ నురగ పూస్తే, చిల్లు ఉన్నచోట నురగ లోపలికి లాక్కుపోతుంది. ఎండాకాలంలో మరో సంగతి. పంపు గట్టు మీదే కూర్చుని పీల్చే రకమైతే నీటిమట్టం 25 అడుగులు దాటాక ఏం మార్చినా నీళ్లు ఎత్తదు. జెట్‌ను బోరులోకి దించే రెండు పైపుల రకం కావాలి.

కొందరు ప్లంబర్లు బోరు పైపు లాగే శ్రమ తప్పించుకోవడానికి పంపుకూ ట్యాంకుకూ మధ్య ఒక చెక్‌వాల్వ్ బిగిస్తారు. రాత్రి మోత ఆగుతుంది, ఇంటివాళ్లు డబ్బులిచ్చి పంపుతారు. కింద ఫుట్‌వాల్వ్ కారడం మాత్రం ఆగదు కాబట్టి పొద్దున్నే పంపులో చెంబుతో నీళ్లు పోయడం తప్పదు.