గోడ ఎవరి చేతిలో ఉంది?

ఐదంతస్తుల ఆసుపత్రి. నలుగురు ఆర్కిటెక్టులు రెవిట్‌లో ఒకే మోడల్ గీస్తున్నారు. అసలు ఫైలు సర్వర్‌లో ఉంటుంది. ఎవరికి వారు దాని లోకల్ కాపీ తెరిచి పని చేస్తారు.

మోడల్‌ను గోడలు, ముఖభాగం, ఫర్నిచర్ అని వర్క్‌సెట్‌లుగా విడదీస్తారు. అక్కరలేనివి మూసి ఉంచితే ఫైలు తేలికవుతుంది. అయితే మొత్తం వర్క్‌సెట్‌ను ఒకరే తమ పేర పెట్టుకోవడం చెడ్డ అలవాటు. మిగతావాళ్లకు అందులో ఏ గోడా కదలదు. దాన్ని అలా పట్టుకోకపోతే, ముట్టుకున్న వస్తువు మాత్రమే అప్పుగా వస్తుంది.

రెండో అంతస్తులో లత ఒక గోడను కాస్త జరిపింది, సింక్ చేయకుండా భోజనానికి వెళ్లింది. అదే గోడను కదపబోయిన రవికి, అది లత దగ్గర ఉందన్న హెచ్చరిక వచ్చింది. తెర మీదే అభ్యర్థన పంపొచ్చు గానీ, ఫోన్ చేయడమే త్వరగా తేలే మార్గం. లత వచ్చి `Synchronize with Central` నొక్కి, అప్పు తీసుకున్నవి వదిలేసింది. అయినా రవి `Reload Latest` నొక్కాకే ఆ గోడ అతనికి దొరికింది, ఎందుకంటే అతని కాపీలో ఉన్నది పాత గోడ.

అందుకే గంటకోసారైనా సింక్ చేయండి, అదీ అందరూ ఒకేసారి కాకుండా. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మాత్రం అప్పులన్నీ వదిలేసి వెళ్లండి.