మౌనం అర్ధాంగీకారం కాదు

మన ఇళ్ళలో పెళ్ళిచూపుల నాడు పిల్ల తలవంచుకుని కూర్చుంటే, "మౌనం అర్ధాంగీకారం" అని పెద్దవాళ్ళు ఇట్టే తేల్చేసేవారు. బ్యాంకులో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ మౌనం సగం అంగీకారం కాదు, సగం నిరాకరణ కూడా కాదు. బీరువాలో ఒక ఫైలు అటూ ఇటూ కాకుండా పడి ఉండడం, అంతే. అలాంటి ఫైలు మీద "ఫలానా తేదీతో దీనిని మూసేస్తాము" అని ఆఖరి ఉత్తరం రాయడం నా ఉద్యోగంలో తరచు పడే పని. మన సంఘంలో ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నవారు చాలామంది కనుక, ఆ ఉత్తరం వెనుక ఏముంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఇంటి కోసం లోను అడిగినవారికి బ్యాంకు ఒప్పుకుంటే శాంక్షన్ లెటరు ఇస్తుంది. ఎంత సొమ్ము, ఎంత వడ్డీ, ఎన్నేళ్ళు, ఏ షరతులు అన్నీ అందులో ఉంటాయి. దానికి రెండో ప్రతి ఒకటి జతచేస్తారు. భార్యాభర్తలిద్దరి పేరా అడిగితే ఇద్దరూ ఆ ప్రతి మీద "సమ్మతమే" అని సంతకాలు చేసి తిరిగి ఇవ్వాలి. ఆ కాగితం చేరేదాకా బ్యాంకు ఒక రూపాయి కూడా విడుదల చేయదు. లెటరుకు ఒక గడువు ఉంటుంది. ఒక్కో బ్యాంకులో ఒక్కో తీరు. నేను చెప్పబోయే సంగతిలో అది మూడు నెలలు.

బెంగళూరులో ఒక కుటుంబం. మూడు తరాల కిందట చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. 65 లక్షలకు ఒక ఫ్లాటు మాట్లాడుకుని 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. 2024 నవంబరు 30 లోపల రిజిస్ట్రేషను కావాలని అగ్రిమెంటు. ధరలో 80 శాతం, అంటే 52 లక్షలు లోను వస్తుందని వారి అంచనా. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే ఇంటి లోనుకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు ఆ 80 శాతమే. అయితే మేము ఆ శాతాన్ని అమ్మకం ధర మీద, మా వాల్యుయరు కట్టిన విలువ మీద పోల్చి, రెండింటిలో తక్కువ దాని మీద లెక్కిస్తాము. వాల్యుయరు 58 లక్షలే కట్టాడు. దాంతో లోను 46 లక్షల 40 వేలు అయింది. 13 లక్షలు చేతినుంచి పెట్టుకుంటే చాలుననుకున్నవారు 18 లక్షల 60 వేలు పెట్టవలసి వచ్చింది.

2024 ఆగస్టు 2న శాంక్షన్ లెటరు ఇచ్చాము. ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. రెండు ఉత్తరాలు వెళ్ళాయి, అయిదారు ఫోన్లు అయ్యాయి. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఇంట్లో మాట్లాడుతున్నాం సార్, వచ్చేవారం వస్తాం." అక్టోబరు రెండోవారం దాకా ఆ వారం రాలేదు.

అప్పుడు మా జూనియరు ఆఫీసరు ఒక చిత్తు ప్రతి రాసి తెచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో "ఫైనల్ నోటీసు". కింద, "ఈ ఉత్తరం అందిన 7 రోజులలోగా జవాబు ఇవ్వనిచో తగు చర్య తీసుకొనబడును, జవాబు లేనిచో షరతులు మీకు సమ్మతమని భావింపబడును." ఆ మూడు వాక్యాలలో సరిదిద్దవలసినవి మూడు కనిపించాయి.

మొదటిది ఆ శీర్షిక. అప్పు తీసుకుని కట్టనివారికి 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వెళుతుంది. అది వేరు, ఇది వేరు. ఈ కుటుంబం మాకు పైసా బాకీ లేదు. "ఫైనల్ నోటీసు", "తగు చర్య" అన్న మాటలు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు జప్తుకు వస్తున్నారని హడలిపోతారు. మా చర్య అల్లా ఫైలు మూయడమే. ఆ సంగతే తిన్నగా రాస్తే చాలు.

రెండోది, జవాబు లేకపోతే సమ్మతమని భావించడం. బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులో ఒక పెద్దమనిషి తన అన్నదమ్ముల కొడుక్కి, "నీ గుర్రం గురించి ఇక ఏమీ చెప్పకపోతే అది 30 పౌండ్ల 15 షిల్లింగులకు నాదే అనుకుంటాను" అని రాశాడు. అతను జవాబివ్వలేదు. 1862లో కోర్టు ఆ బేరం కుదరలేదనే తేల్చింది. ఎదుటివాడి మౌనాన్ని మనం అంగీకారంగా నిర్ణయించలేము. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 6వ సెక్షను ఇంకో మాట చెబుతుంది: ప్రతిపాదనలో గడువు పెట్టి ఉంటే, అంగీకారం తెలియజేయకుండా ఆ గడువు దాటగానే ప్రతిపాదన రద్దయినట్టే. కనుక మౌనం ఎటైనా దారి తీస్తే రద్దు వైపే తీస్తుంది.

మూడోది తేదీ. "7 రోజులు" అంటే ఎప్పటినుంచి? ఉత్తరం మీద వేసిన తేదీ నుంచా, పోస్టుమాన్ ఇచ్చిన రోజు నుంచా? ఇల్లు తాళం వేసి ఉంటే? రోజులు లెక్కించమనకూడదు. క్యాలెండరులో వేలుపెట్టి చూపించగల ఒక్క తేదీ, వారం పేరు, గంటతో సహా రాయాలి. లెటరు గడువు నవంబరు 2 దాకా ఉంది. కాని ఆ ఏడు కర్ణాటకలో అక్టోబరు 31 నరకచతుర్దశి, నవంబరు 1 రాజ్యోత్సవం, 2 బలిపాడ్యమి, 3 ఆదివారం. అంటే గడువు లోపల చివరి పనిదినం అక్టోబరు 30, బుధవారం. దానినే ఖాయం చేశాము. ఇంకొక మెలిక ఉంది. అదే చట్టం 4వ సెక్షను ప్రకారం, అంగీకారాన్ని పోస్టులో వేసిన క్షణం నుంచే ప్రతిపాదించినవారు కట్టుబడిపోతారు. ఆ చిక్కు రాకుండా "పంపండి" అనకుండా "మాకు అందాలి" అని రాయాలి.

అక్టోబరు 14, సోమవారం నాడు స్పీడ్ పోస్టులో వెళ్ళిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో దాని సారం ఇది:

"విషయం: మీ శాంక్షన్ లెటరుపై మీ నిర్ణయం.
ఆగస్టు 2న ఇచ్చిన శాంక్షన్ లెటరు రెండో ప్రతి సంతకాలతో మాకు ఇంకా అందలేదు. దిగువ మూడింటిలో ఒకదాని మీద గుర్తు పెట్టి, అక్టోబరు 30, బుధవారం సాయంత్రం 4 గంటలలోగా మా శాఖకు అందేటట్లు చూడగలరు. (1) షరతులు సమ్మతమే. సంతకాలు చేసిన ప్రతి జతచేశాము. (2) మాట్లాడవలసినది ఉంది. ఫలానా రోజు వస్తాము. (3) ఇప్పుడు లోను వద్దు.
ఏ జవాబూ అందని పక్షంలో ఆ సాయంత్రం ఈ ఫైలు మూసివేస్తాము. మీరు బ్యాంకుకు చెల్లించవలసినది ఏమీ ఉండదు. మీరిచ్చిన అసలు కాగితాలు జాబితా ప్రకారం తిరిగి ఇస్తాము. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాదు. తరువాత కావాలనుకుంటే కొత్తగా దరఖాస్తు చేయవచ్చు. అప్పటి వడ్డీ, అప్పటి నియమాలు వర్తిస్తాయి."

ఇందులో అసలు పని చేసింది మూడో గడి. అక్టోబరు 24న భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన కాగితం నా ముందు పెట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆమే నోరు విప్పింది. "తక్కువ పడిన అయిదు లక్షల అరవై వేలు పుట్టలేదన్నా. మీరు మనవాళ్ళు, ఇంత శ్రమపడి లోను ఇప్పిస్తే వద్దని ఎట్లా చెప్పేదని ఈయనకు మొగమాటం. దీంట్లో గీత గీస్తే చాలునని ఉంది కదా, అందుకే తీసుకొచ్చినాము."

మూడు నెలల మౌనానికి కారణం అదీ. ఆమె చెప్పినదాని ప్రకారం ఒక ఎల్‌ఐసీ పాలసీ సొమ్ము 2025 ఫిబ్రవరిలో చేతికి వస్తుంది. అప్పటిదాకా గడువు పొడిగించడం మా శాఖ చేతిలో లేదు. వారు మూడో గడిలో గుర్తు పెట్టారు. ఫైలు మీద "జవాబు లేదు" అని కాకుండా "దరఖాస్తుదారుల కోరికపై" అని రాసి మూసేశాము. కాగితాలు లెక్కచూసి సంతకం తీసుకుని ఇచ్చేశాము.

అగ్రిమెంటు గడువుకు ఇంకా నెల పైన ఉంది. వారు ఆ నడుమనే ఫ్లాటు యజమాని దగ్గరకు వెళ్ళి ఉన్న సంగతి చెప్పారు. ఆయన ఇంకో లక్ష అడ్వాన్సు తీసుకుని 2025 మార్చి 31 దాకా గడువు పొడిగిస్తూ అగ్రిమెంటుకు అనుబంధం రాసి ఇచ్చాడు. మౌనంగానే ఉండిపోయి నవంబరు 30 దాటితే, అగ్రిమెంటు షరతు ప్రకారం ఆ 3 లక్షలు వదులుకోవలసినదే.

ఫిబ్రవరిలో కొత్త దరఖాస్తు పెట్టారు. మూసిన ఫైలు తిరిగి తెరవడమంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు మళ్ళీ కట్టారు. క్రెడిట్ రిపోర్టు మళ్ళీ తెప్పించాము. అలా తెప్పించిన ప్రతిసారీ రిపోర్టులో ఒక ఎంక్వయిరీ నమోదవుతుంది. జీతం కాగితాలు కొత్తవి అడిగాము. పాత లాయరు అభిప్రాయం పనికివచ్చింది కాని, ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఆస్తి మీద ఏ లావాదేవీ జరగలేదని చూపే ఈసీ తీసి, దానిపై అనుబంధ అభిప్రాయం రాయించవలసి వచ్చింది. వాల్యుయేషను కూడా మళ్ళీ జరిగింది. ఈసారి 59 లక్షలు కట్టారు, లోను 47 లక్షల 20 వేలు అయింది. సంతకాలు చేసిన రెండో ప్రతి నాలుగో రోజుకే మా బల్లమీద ఉంది. మార్చిలో రిజిస్ట్రేషను జరిగింది.

మీ ఇంటికి ఇలాంటి ఉత్తరం వస్తే మొదట చూడవలసినవి రెండు తేదీలు: ఉత్తరంలో బ్యాంకు పెట్టిన తేదీ, మీ అగ్రిమెంటులో రిజిస్ట్రేషనుకు రాసుకున్న తేదీ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు ఎన్నాళ్ళు మిగిలాయో తేలుతుంది. తరువాత ఇద్దరి పేర్లూ ఉన్న లోనయితే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒకరి సంతకంతో పని జరగదు. ఉత్తరంలో "వద్దు" అనే గడి లేకపోతే తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ముఖం చూసి చెప్పడానికి మొగమాటమైతే ఆ కాగితాన్ని కౌంటరులో ఇచ్చి వచ్చినా చాలు. కాదన్నందుకు మా ఆఫీసర్లు ఎవరూ ఏమీ అనుకోరు. ఒక ఫైలు తేలిందని ఊపిరి పీల్చుకుంటారు.