శాతం గుర్తును తుడిచే ముందు

రక్తంలో ఎర్రకణాలు ఎంత భాగాన్ని ఆక్రమించాయో తెలిపే కొలత హెమటోక్రిట్. భారతదేశంలోనూ అమెరికాలోనూ దీనిని సాధారణంగా 40.5% అని శాతంగా రాస్తారు. కెనడా ప్రయోగశాలలు ఇదే ఫలితాన్ని 0.405 అని దశాంశ భిన్నంగా ఇస్తాయి. లీటరు రక్తంలో 0.405 లీటరు ఎర్రకణాలే అని దాని అర్థం. చదివే వైద్యుడికి ఈ రెండు రాతల మధ్య తేడా లేదు. ఈ రెంటినీ ఒకే పట్టికలో చేర్చి లెక్క కట్టమన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

హైదరాబాదు నుంచి టొరాంటోకు వలస వచ్చిన వారి పాత, కొత్త రక్తపరీక్షలను పోల్చే అధ్యయనం ఒకటి జరుగుతున్నదనుకుందాం. పాత నివేదికల నుంచి "40.5%", టొరాంటో నుంచి "0.405" వచ్చాయి. ఫ్రెంచ్ అమరికలున్న స్ప్రెడ్‌షీటును వాడే మాంట్రియల్ సహాధ్యయనకారుడు "40,5 %" అని పంపాడు. ఫ్రెంచ్ పద్ధతిలో దశాంశ బిందువు స్థానంలో కామా ఉంటుంది. శాతం గుర్తుకు ముందు ఖాళీ వదులుతారు.

కంప్యూటరుకు "40.5%" సంఖ్య కాదు, ఐదు గుర్తుల వరుస మాత్రమే. పైథాన్ భాషలో `float("40.5%")` అని రాస్తే అది తప్పు చూపి ఆగిపోతుంది. అలా ఆగడం మేలే. తొందరలో ఉన్నవారు గుర్తును తుడిచేసి ముందుకు సాగుతారు. అప్పుడు మిగిలేది 40.5. నూరుతో భాగించాలన్న సమాచారం ఆ గుర్తులోనే ఉండేది, దానితోపాటే పోయింది. ఇప్పుడు ఒకే మనిషి రెండు ఫలితాలు 40.5, 0.405 అయ్యాయి. వాటి సగటు సుమారు 20.45. దానిని శాతంగా చదివితే తీవ్రమైన రక్తహీనత! అసంభవమైన సంఖ్య కాదు గనుక ఎవరికీ అనుమానం రాదు.

మాంట్రియల్ రాతతో మరొక ప్రమాదం ఉంది. కామాను వేల విభజనగా భావించి తీసివేస్తే 40,5 కాస్తా 405 అవుతుంది. దానిని నూరుతో భాగించినా వచ్చేది 4.05, లీటరు రక్తంలో నాలుగు లీటర్ల ఎర్రకణాలన్నమాట.

ఒకటి కంటే పెద్ద సంఖ్యలను మాత్రమే నూరుతో భాగిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. హెమటోక్రిట్‌కు ఆ ఉపాయం పనిచేసినట్టే కనిపిస్తుంది. పక్క వరుసలోని రెటిక్యులోసైట్ల దగ్గర, అంటే లేత ఎర్రకణాల దగ్గర, అది బోల్తా కొడుతుంది. వాటి ఫలితం "0.8%" ఉండటం మామూలే. సరైన భిన్నం 0.008. పై ఉపాయం దానిని 0.8గానే వదిలేస్తుంది, అంటే నూటికి ఎనభై. కాబట్టి నిర్ణయించవలసింది సంఖ్య పరిమాణం కాదు, గుర్తు ఉన్నదా లేదా అన్నది.

```python
def to_fraction(s):
    s = s.strip().replace(",", ".")
    if s.endswith("%"):
        return float(s[:-1]) / 100
    return float(s)
```

ఇది ముందుగా అంచుల్లోని ఖాళీలను తీసి, కామాను బిందువుగా మారుస్తుంది. చివర గుర్తు ఉంటే దానిని వదిలి నూరుతో భాగిస్తుంది. లేకపోతే ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది. గుర్తు లేని వరుస నిజంగా భిన్నమేనని ముందే రూఢి చేసుకోవాలి. ఎవరైనా గుర్తు లేకుండా "40.5" అని రాసి ఉంటే ఈ ఐదు పంక్తులు కనిపెట్టలేవు.

దానిని పట్టుకునే సాధనం రక్తపరీక్షలోనే ఉంది. హిమోగ్లోబిన్‌ను హెమటోక్రిట్‌తో భాగిస్తే ఎర్రకణాలలో హిమోగ్లోబిన్ సాంద్రత వస్తుంది. కెనడా కొలతల్లో హిమోగ్లోబిన్ లీటరుకు 135 గ్రాములైతే, 135ను 0.405తో భాగించగా 333 వస్తుంది. ఆరోగ్యవంతులలో ఇది సుమారు 320, 360 మధ్య ఉంటుంది. వ్యాధి దీనిని కొంత అటూ ఇటూ జరపగలదు గాని నూరు రెట్లు మార్చలేదు. 40.5తో భాగిస్తే వచ్చే 3.33ను చూడగానే, తప్పు రోగి రక్తంలో లేదనీ పట్టికలోనే ఉందనీ తెలిసిపోతుంది.

అయితే శాతం గుర్తున్న ప్రతి వరుసనూ భిన్నంగా మార్చడమూ పొరపాటే. మధుమేహులకు చేసే ఏ1సీ పరీక్షను కెనడాలోనూ శాతంగానే ఇస్తారు. దాని నుంచి సగటు గ్లూకోజును అంచనా వేసే సూత్రం `1.59 × A1C − 2.59`. ఇది శాతపు అంకెలకే కట్టిన సూత్రం. ఏ1సీ 7.0 అయితే లీటరుకు సుమారు 8.5 మిల్లీమోల్స్ వస్తుంది. క్రమశిక్షణగా 0.07 చేసి వేస్తే వచ్చేది రుణసంఖ్య, సుమారు −2.5. ఏ రక్తంలోనూ గ్లూకోజు సున్నాకు దిగువన ఉండదు. అందుచేత గుర్తును తొలగించే ముందు ఆ వరుస ఏ సూత్రంలోకి వెళుతుందో, ఆ సూత్రం ఏ రూపాన్ని ఆశిస్తుందో చూడాలి. మారుస్తే వరుస పేరులోనే ఆ సంగతి రాసిపెట్టాలి. లేకపోతే తరువాత వచ్చినవారు మార్చిన దానినే మళ్ళీ నూరుతో భాగిస్తారు.