అరుచుకునే మీటింగు, మూసి ఉన్న తలుపు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మేనార్డ్ అని ఒక చిన్న ఊరుంది. ఒకప్పుడు ఉన్ని బట్టలు నేసిన పాత మిల్లు భవనాల్లో అక్కడ ఓ కంప్యూటర్ కంపెనీ వెలిసింది. పేరు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. అందరూ పొట్టిగా ‘డెక్’ అనేవారు. 1957లో కెన్ ఓల్సెన్ తన సహచరుడితో కలిసి దాన్ని మొదలుపెట్టారు. 1966లో ఎంఐటీ ప్రొఫెసర్ ఎడ్గార్ షైన్ ఆ కంపెనీకి సలహాదారుగా వెళ్లారు. పెద్దల మీటింగుల్లో కూర్చుని, వాళ్లు మరింత బాగా కలిసి పనిచేసేందుకు సాయపడటం ఆయనకు అప్పగించిన పని.

మీటింగు చూసి ఆయన కంగారుపడ్డారు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. గొంతులు లేస్తున్నాయి. ‘అది శుద్ధ తప్పు’ అని మొహం మీదే అనేస్తున్నారు. అధ్యక్షుడు ఓల్సెన్ మాత్రం చాలాసేపు మౌనంగా వింటూ కూర్చునేవారు. షైన్ తనకు తెలిసిన వైద్యమే చేశారు: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి, అడ్డు తగలకూడదు అని చెప్పారు. అందరూ తలలూపారు, మంచి మాట చెప్పారని మెచ్చుకున్నారు కూడా. తర్వాతి మీటింగులో మళ్లీ అదే రభస.

కొంతకాలానికి ఆయన దిద్దడం మానేసి చూడటం మొదలుపెట్టారు. వీళ్లు దేనికోసం ఇంతగా పోట్లాడుకుంటున్నారు? మీటింగు అయ్యాక వాళ్ల మధ్య పగలేమీ కనిపించలేదు. అప్పుడాయన పద్ధతి మార్చారు. గదిలోని చార్టు దగ్గర నిలబడి, మధ్యలో తెగిపోయిన ఆలోచనను రాసిపెట్టేవారు. మాట తెగిన మనిషిని ‘మీరు చెప్పబోయింది ఏమిటి?’ అని అడిగి పూర్తి చేయించేవారు. ఈ చిన్న పని అక్కరకొచ్చింది. మర్యాద గురించి చెప్పిన పాఠం మాత్రం ఎక్కలేదు. ఎందుకంటే వాళ్లకు కావాల్సింది మర్యాద కాదు, ఏ ఆలోచన నిలబడుతుందో తేలడం.

ఈ అనుభవాల నుంచే షైన్ సంస్థల సంస్కృతిని మూడు పొరలుగా చూడటం నేర్పారు. 1985లో వచ్చిన ‘ఆర్గనైజేషనల్ కల్చర్ అండ్ లీడర్‌షిప్’ అనే పుస్తకంలో వాటిని వివరించారు. పై పొరలో కంటికి, చెవికి తెలిసేవన్నీ ఉంటాయి: ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరిని ‘సార్’ అంటారు, మీటింగు ఎలా సాగుతుంది, తలుపులు తెరిచి ఉంటాయా మూసి ఉంటాయా. రెండో పొర సంస్థ తన గురించి తాను చెప్పుకునే విలువలు. అట్టడుగున ఎవరూ చెప్పని నమ్మకాలుంటాయి. ఎప్పుడో ఓ పద్ధతి పనిచేసింది, మళ్లీ మళ్లీ పనిచేసింది, చివరికి దాని గురించి ఆలోచించడమే మానేశారు. ‘అలా ఎందుకు చేస్తారు?’ అని అడిగితే, ‘ఇంకెలా చేస్తారు?’ అన్నట్టు చూస్తారు.

పై పొరతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది వెంటనే కనిపిస్తుంది గానీ దాని అర్థం వెంటనే తెలియదు. డెక్‌లో అరుపులు విన్న కొత్త మనిషి ‘ఇక్కడ క్రమశిక్షణ లేదు’ అనుకుంటాడు. నిజానికి అడుగున రెండు నమ్మకాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మంచి ఆలోచన ఒక మనిషి బుర్రలో పుట్టవచ్చు, కానీ అది నిజంగా మంచిదో కాదో పదిమంది చితక్కొడితే తప్ప తేలదన్నది మొదటిది. మనమంతా ఒకే కుటుంబం, వాదించినందుకు ఎవరినీ బయటకు పంపరన్నది రెండోది. రెండోది లేకుండా మొదటిది సాగదు. ఉద్యోగానికి భయం లేనివాడే పై అధికారితో ‘మీరన్నది తప్పు’ అనగలడు.

అదే నమ్మకం తర్వాత కంపెనీకి గుదిబండ కూడా అయింది. చిన్నగా ఉన్నప్పుడు వాదించుకునేవాళ్లు ఒకరినొకరు బాగా ఎరిగినవాళ్లు. లక్షమందికి పైగా ఉద్యోగులున్న స్థాయికి పెరిగాక, ఎదుట కూర్చున్నది ముక్కూమొహం తెలియని వేరే విభాగం మనిషి. వాదన నిజం తేల్చే పని మాని, ఎవరి విభాగాన్ని వాళ్లు కాపాడుకునే పనిలో పడింది. 1982లో డెక్ వ్యక్తిగత కంప్యూటర్ల మార్కెట్లోకి దిగినప్పుడు ఒకటి కాదు, రెయిన్‌బో, ప్రొఫెషనల్, డెక్‌మేట్ అని మూడు వేర్వేరు యంత్రాలను ఒకేసారి ప్రకటించింది. మూడింటిలో ఒకదాన్ని ఎంచి మిగతా రెండింటినీ ఆపేయడం ఆ వాదనల వల్ల కాలేదు. 1992లో ఓల్సెన్ పదవి వదిలారు. 1998లో కాంపాక్ ఆ కంపెనీని కొనేసింది. పతనానికి సంస్కృతి ఒక్కటే కారణమని చెప్పలేం. పీసీల రాకతో మార్కెట్టే తిరగబడింది. కానీ ఒక వయసులో బలమైన నమ్మకం ఇంకో వయసులో అడ్డంకి కాగలదని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో పొర మరీ మోసకారి. హైదరాబాద్‌వాళ్లకు దీనికి దూరం వెళ్లాల్సిన పనిలేదు. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు దక్కింది. 2009 జనవరి 7న, కొన్నేళ్లుగా లెక్కలు తారుమారు చేశామని సంస్థ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశారు. అక్కడ పనిచేసిన వేలమందికి ఆ తారుమారుతో సంబంధం లేదు. కానీ గోడ మీది నినాదాన్ని, బహుమతి పత్రాన్ని చూసి అడుగున ఏముందో చెప్పలేమన్నది అంతకన్నా గట్టిగా ఎవరూ చూపించలేదు. ఉద్యోగులకు ప్రశ్నల కాగితం పంచి సంస్కృతిని కొలిచే సర్వేలు చాలావరకు ఈ రెండో పొర దగ్గరే ఆగిపోతాయి. ‘ఇక్కడ మనసులో మాట చెప్పగలరా?’ అన్న ప్రశ్నకు, మనసులో మాట చెప్పలేనివాడు ‘చెప్పగలను’ అనే టిక్కు పెడతాడు.

షైన్ ఎదుర్కొన్న మరో సంఘటన ఇంకా విచిత్రం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా-గైగీ అనే పెద్ద రసాయనాల కంపెనీ ఉండేది. డెక్‌కు పూర్తిగా ఎదురు: మూసిన తలుపులు, హోదాను బట్టి భోజనశాలలు, మీటింగుల్లో నిదానం, గౌరవం. కొత్త ఆలోచనలు ఎలా పుట్టించాలో షైన్ కొన్ని నోట్స్ రాసి, అవి పనికొచ్చే మేనేజర్లకు అందించమని కంపెనీలో తన పని చూసే అధికారికి ఇచ్చారు. కొన్నాళ్లకు ఆరా తీస్తే అవి ఎవరికీ చేరలేదు. ఎవరైనా మేనేజరు స్వయంగా ఆ అధికారిని అడిగితే మాత్రం ఆ కాగితం చేతికిచ్చేవారు. అంతకుమించి అది కదలలేదు.

బద్ధకమా? నిర్లక్ష్యమా? ఏదీ కాదు. ఆ సంస్థలో ఒక్కొక్కరి ఉద్యోగం వారి సొంత భూమి లాంటిది. అడక్కుండా సమాచారం పంపడమంటే గట్టు దాటి వెళ్లి ‘నీ పొలం సంగతి నీకు తెలియదు’ అనడమే. ఆ అధికారి తన తోటివాళ్లను అవమానించడం ఇష్టంలేక కాగితాలు బల్ల సొరుగులోనే ఉంచుకున్నారు. ఇది ఆయన నోటితో చెప్పిన కారణం కాదు. చాలా మందిని అడిగి, జరిగినవి ఒకచోట పేర్చుకున్నాక షైన్‌కు తట్టినది.

కొత్తగా చేరిన మేనేజరు పట్టుకోవాల్సింది ఇలాంటి చోటునే: తను మామూలుగా చేసిన పని ఇక్కడ నడవలేదు, ఎవరూ ఎందుకో చెప్పడం లేదు. ఆ తికమకను నోటుబుక్కులో రాసుకోవాలి, అదీ తొందరగా. మూడు నాలుగు నెలలు గడిచాక కళ్లు అలవాటుపడిపోతాయి. వింతగా తోచినవే మామూలైపోతాయి.

‘ఇక్కడి సంస్కృతి ఎలాంటిది?’ అని అడగడం దండగ. రెండో పొర జవాబే వస్తుంది. ఒక పని సమస్యను చేతిలో పెట్టుకుని మొదలుపెట్టమంటారు షైన్. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు కొత్త మేనేజరు వచ్చాడు. ప్రతి సోమవారం రివ్యూలో అన్ని పనులూ ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. గడువుకు వారం ముందు ఒక్కసారిగా సగం ఎర్రబడతాయి. గోడ మీద ‘పారదర్శకత మా ప్రాణం’ అని రాసి ఉంది.

అతను ఏడెనిమిది మందిని ఒక గదిలో కూర్చోబెడతాడు. అందులో కిందటి ఏడాదే చేరిన ఇద్దరు తప్పకుండా ఉంటారు, ఎందుకంటే పాతవాళ్లకు కనిపించనివి వాళ్లకు ఇంకా కనిపిస్తాయి. మీటింగుల్లో మీకు వింతగా అనిపించింది ఏమిటని ముందు వాళ్లనే అడుగుతాడు. చార్టు మీద ఒక్కొక్కటీ పడుతుంది: పెద్ద సారు వచ్చేవరకు ఎవరూ కూర్చోరు, స్లైడు ముందురోజు రాత్రే ఆయనకు వెళ్తుంది, ప్రశ్నలన్నీ ఆయనే వేస్తారు, అసలు మాటలు తర్వాత క్యాంటీన్‌లో నడుస్తాయి. పక్కన సంస్థ చెప్పుకునే విలువలు రాస్తాడు. రెంటికీ ఎక్కడ పొసగడం లేదో చూస్తాడు. పారదర్శకత ఉంటే స్లైడు ముందు రాత్రే ఎందుకు వెళ్లాలి? కాసేపటికి పాతవాళ్లలో ఒకరు, ‘నలుగురిలో ఆలస్యమైందంటే సారు పరువు తీసినట్టే కదండీ’ అంటారు. ఆ మాట అన్నాక గదిలో ఎవరూ ఆశ్చర్యపోరు. అడుగు తగిలిందనడానికి అదే గుర్తు.

అయినా అది ఇంకా ఒక అంచనాయే. దాన్ని పరీక్షించాలి. చెడు వార్త నలుగురిలో పరువు తక్కువ, విడిగా చెబితే కాదు అన్నది నిజమైతే, సోమవారానికి ముందు ఒక్కొక్కరినీ విడిగా కలిస్తే ఆలస్యాలు బయటపడాలి. బయటపడితే అంచనా సరైనదే. విడిగా అడిగినా అన్నీ ఆకుపచ్చే అంటే, భయం పరువుది కాదు, ఇంకేదో. బహుశా ఆలస్యం చెప్పినవాడికి కిందటి ఏడాది ఇంక్రిమెంటు తగ్గి ఉండవచ్చు. అప్పుడు చూడాల్సింది మాటలు కాదు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరికి రాలేదు, పని చెడినరోజు పెద్దాయన మొదటి ప్రశ్న ‘ఎవరు?’ అని వేశారా, ‘ఎలా జరిగింది?’ అని వేశారా అన్నది.

ఈ పరీక్ష చేయకుండా కొత్త మేనేజర్లు సాధారణంగా పట్టేది పై పొరనే. సలహాల పెట్టె పెడతారు, ఫస్ట్ నేమ్‌తో పిలవమంటారు, గోడలు కూలగొట్టి ఓపెన్ ఆఫీసు కట్టిస్తారు. పెట్టె ఖాళీగా ఉంటుంది, పిలుపు ‘రమేష్ సార్’ దగ్గర ఆగుతుంది. పరువు గురించిన నమ్మకం చెక్కుచెదరకుండా అడుగునే ఉంటుంది. దానికన్నా, విడిగా చెబితే పరువు పోదన్న భాగాన్నే వాడుకుని, రివ్యూకు ముందు రోజు పదేసి నిమిషాల విడి మాటలను పద్ధతిగా మార్చడం తేలిక. ఉన్న నమ్మకంతో పోట్లాడకుండా దాని మీదుగానే పని నడిపించడం అన్నమాట.

ఇక్కడొక హద్దు కూడా ఉంది. సంస్థ మొత్తానికి ఒకే సంస్కృతి ఉండాలని లేదు. ఫ్యాక్టరీ అంతస్తుకు ఒకటి, ఇంజినీర్లకు ఒకటి, పై అధికారులకు ఇంకొకటి ఉండటం మామూలే. పై ఉదాహరణలో తేలింది ఆ ప్రాజెక్టు గది సంగతే. పక్క అంతస్తులోని టెస్టింగ్ బృందానికి అది వర్తించకపోవచ్చు. అందుకే తను రాసుకున్నది తీర్పుగా ప్రకటించకుండా, ఓ పాత ఉద్యోగికి, ఆరు నెలల కిందట చేరిన మరొకరికి విడివిడిగా చూపించి ‘ఇందులో నేను ఎక్కడ పొరబడ్డాను?’ అని అడగాలి. ఇద్దరూ ఒకే వరుస దగ్గర ఆగి నవ్వితే, ఆ వరుసను ఉంచుకుని మిగతావి మళ్లీ పరీక్షకు పెట్టవచ్చు.